ఆరు నెలల విరామం, పది నెలల లెక్క

ఉద్యోగానికి ఆరు నెలలు విరామం ఇద్దామనుకున్నవాళ్లు దాదాపు అందరూ ఒకే లెక్క వేస్తారు. నెలకు ఇంటి ఖర్చు ఎంతో చూసుకుని ఆరుతో గుణిస్తారు. అంత డబ్బు బ్యాంకులో కనబడగానే రాజీనామా మెయిలు రాయడానికి చేతులు దురద పెడతాయి. ఈ లెక్క సగమే. ఆరు నెలలు గడిచిన మర్నాడే ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. వెతుక్కోవడానికి, ఇంటర్వ్యూలకు, ఆఫర్ చేతికి రావడానికి మూడు నెలలు సులభంగా పడుతుంది. చేరాక మొదటి జీతం ఆ నెలాఖరుకు గానీ రాదు. నెలలో ఇరవయ్యో తేదీ దాటాక చేరితే, చాలా కంపెనీల్లో అది కూడా వచ్చే నెల జీతంతో కలిపే ఇస్తారు. అంటే ఆరు నెలల విరామానికి పది నెలల డబ్బు కావాలి.

ఇక్కడ చెప్పేది హైదరాబాద్, విశాఖ, బెంగళూరు లాంటి చోట్ల ప్రైవేటు కంపెనీల్లో, ముఖ్యంగా ఐటీలో, పనిచేసేవాళ్ల సంగతి. ప్రభుత్వోద్యోగులకు జీతం లేని అసాధారణ సెలవు అనేది ఒకటుంది, ఉద్యోగం ఎక్కడికీ పోదు కాబట్టి వాళ్ల కథ వేరు. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లకైతే ఇదంతా వర్తించదు. ఉద్యోగం మానేస్తే అక్కడ ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులే. ఐ-94 గడువు అంతకంటే ముందే ఉంటే అదీ లేదు. వాళ్లకు విరామం అంటే కంపెనీ ఒప్పుకున్న సెలవైనా కావాలి, ఇండియాకు వచ్చేయడమైనా కావాలి.

ఒక కుటుంబం లెక్క

కూకట్‌పల్లిలో ఉండే ఒక టెస్టింగ్ ఇంజినీరును ఊహించుకుందాం. వయసు 36. ఒకే కంపెనీలో ఏడేళ్లు పూర్తయ్యాయి. నెల జీతం 1,20,000, అందులో బేసిక్ 60,000. పీఎఫ్, పన్ను, వృత్తిపన్ను పోను చేతికి లక్షా అయిదు వేలు వస్తుంది. ఇంట్లో సంపాదన ఇదొక్కటే. ఇద్దరు పిల్లలు. ఊళ్లో అమ్మానాన్నలు. అమ్మకు మోకీళ్లు అరిగిపోయి ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. ఆమెను దగ్గరుండి చూసుకుంటూ, మాన్యువల్ టెస్టింగ్ నుంచి ఆటోమేషన్‌కు మారడానికి కావలసింది నేర్చుకోవాలని అతని ఆలోచన. జనవరి నుంచి జూన్ దాకా విరామం.

నెలవారీ ఖర్చులు ఇలా ఉన్నాయి. ఇంటి అప్పు వాయిదా 26,000. సరుకులు, పాలు, గ్యాస్, కరెంటు, పనిమనిషి, అపార్టుమెంటు మెయింటెనెన్స్ కలిపి 24,000. ఊరికి పంపేది 8,000. చీటీ 10,000. పెట్రోలు, ఫోన్లు, నెట్ వగైరా 7,000. మొత్తం 75,000. ఆరుతో గుణిస్తే నాలుగున్నర లక్షలు. అతను మొదట నమ్ముకున్న అంకె ఇదే.

పదితో గుణిస్తే ఏడున్నర లక్షలు. దీనికి ఏడాదికోసారి వచ్చే ఖర్చులు కలవాలి, ఎందుకంటే జనవరి నుంచి అక్టోబరు దాకా సాగే పది నెలల్లో అవన్నీ దాదాపుగా వచ్చిపడతాయి. పిల్లల ఫీజులు 1,20,000. ఎల్ఐసీ, కారు ఇన్సూరెన్స్ 40,000. సంక్రాంతి ప్రయాణం, వేసవి పెళ్లిళ్ల చదివింపులు 40,000. కొత్తగా సొంతంగా తీసుకోవలసిన ఆరోగ్య బీమా 30,000. ఇక విరామం దేనికోసమో దాని ఖర్చు ఉంటుంది కదా: కోర్సుకు, అమ్మ ఫిజియోథెరపీకి 75,000 పెట్టుకున్నాడు. అన్నీ కలిపితే 10,55,000. మొదటి అంకెకు రెండింతలు దాటింది.

ఈ పట్టికలో చీటీ సంగతి కాస్త ఆగి చూడాలి. ఇంకా పాడుకోని చీటీ దాచుకున్న డబ్బు. పాడుకున్న చీటీ అప్పు. అతనిది పాడుకోని చీటీ కాబట్టి విరామం మధ్యలో అవసరమైతే పాడుకోవచ్చులే అని ధీమా. కానీ పాట దక్కాక డబ్బు ఇచ్చే ముందు చీటీ కంపెనీ జామీను అడుగుతుంది, జీతం సర్టిఫికెట్లు అడుగుతుంది. ఉద్యోగం లేనప్పుడు అవి తేవడం కష్టం. జామీను ఉంటామన్న బావమరిది కూడా అప్పుడు ఫోన్ ఎత్తకపోవచ్చు. పాడుకోవాలంటే ఉద్యోగంలో ఉండగానే పాడుకోవాలి. వ్యక్తిగత రుణమైనా, క్రెడిట్ కార్డు పరిమితి పెంపు అయినా ఇంతే, జీతం వస్తున్నప్పుడే అడిగినవి వస్తాయి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఏడేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ వస్తుంది. ఆఖరి బేసిక్‌ను 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 60,000 మీద ఏడేళ్లకు దాదాపు 2,42,000. పన్ను పడదు. అయిదేళ్లు నిండకపోతే మామూలు ఉద్యోగికి గ్రాట్యుటీ రాదు కాబట్టి, నాలుగేళ్ల పది నెలల దగ్గర ఉన్నవాళ్లు ఇంకో రెండు నెలలు పళ్లు బిగబట్టి కూర్చోవడమే లాభం. వాడుకోని సెలవులకు అతనికి మరో అరవై వేలు రావచ్చు. ఈ మూడు లక్షలు పోను మిగతా ఏడున్నర లక్షలు ముందే చేతిలో ఉండాలి. లేకపోతే విరామాన్ని ఒక ఏడాది వెనక్కి జరపాలి, లేదా నాలుగు నెలలకు కుదించాలి. అప్పు చేసి సెలవు తీసుకోవడం నాకు సమ్మతం కాదు. అలా మొదలైన విరామం రెండో నెలలోనే ఉద్యోగాల వేటగా మారిపోతుంది.

గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, పట్టి ఉంచిన ఆఖరి నెల జీతం మానేసిన రోజే వస్తాయని లెక్క పెట్టుకోకూడదు. చట్టం ఏం చెప్పినా, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ పేరుతో నెలా నెలన్నర తిప్పే కంపెనీలు ఉన్నాయి. అందుకని మొదటి మూడు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలోనే ఉండాలి. మిగతాది ఒకే పెద్ద ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా కాకుండా లక్ష చొప్పున ముక్కలుగా వేస్తే, అవసరం వచ్చినప్పుడు ఒక్కదాన్నే పగలగొట్టుకోవచ్చు. జీతం పడటం ఆగిన కొన్నాళ్లకు శాలరీ అకౌంటును బ్యాంకు మామూలు ఖాతాగా మార్చేస్తుంది. కనీస నిల్వ లేకపోతే కోతలు మొదలవుతాయి. ఇంటి అప్పు వాయిదా ఆ ఖాతా నుంచే పోతుంటే మరీ జాగ్రత్త, ఒక్క వాయిదా తప్పినా సిబిల్‌లో కనబడుతుంది.

పీఎఫ్‌ను మాత్రం ఈ లెక్కలోకి లాగొద్దు. ఉద్యోగం మానేసినంత మాత్రాన దాని మీద వడ్డీ ఆగదు. 58 ఏళ్లు వచ్చేదాకా జమ అవుతూనే ఉంటుంది. అయిదేళ్ల సర్వీసు లేకుండా తీసేస్తే పన్ను పడుతుంది. పింఛను ఖాతాను కూడా ఖాళీ చేస్తే, పదేళ్ల సర్వీసు నిండితే రావలసిన పింఛను హక్కుకు మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలవుతుంది. పీఎఫ్ విషయంలో చేయాల్సిన పని ఒకటే. మానేసిన రెండు నెలలకు పోర్టల్‌లో మీ నిష్క్రమణ తేదీ పడిందో లేదో చూసుకోవాలి. కంపెనీ వేయకపోతే మీరే వేసుకునే వీలుంది. ఆ తేదీ లేకపోతే తర్వాత చేరే చోట పీఎఫ్ బదిలీ ఆగుతుంది, మీరు ఇంకా పాత కంపెనీలోనే ఉన్నారేమోనన్న అనుమానం కూడా వస్తుంది.

ఏప్రిల్ 1 ఎటు పడాలి

విరామం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చాలామంది పిల్లల సెలవుల్ని బట్టో, ప్రాజెక్టు ముగింపును బట్టో నిర్ణయిస్తారు. ఆర్థిక సంవత్సరాన్ని కూడా ఒకసారి చూడాలి. 2025-26 నాటి కొత్త పన్ను విధానంలో పన్ను వర్తించే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను పడదు. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి 12,75,000 దాకా ఊరటే.

మన ఇంజినీరు ఏడాది జీతం 14,40,000. పూర్తి ఏడాది పనిచేస్తే సెస్సుతో కలిపి పన్ను 88,140. అతను కంపెనీ అనుమతితో కచ్చితంగా ఆరు నెలలే సెలవు తీసుకున్నాడనుకుందాం. అక్టోబరు నుంచి మార్చి దాకా తీసుకుంటే ఆ ఏడాది ఆదాయం 7,20,000, పన్ను లేదు. కానీ తర్వాతి ఏడాది పూర్తి జీతం, పూర్తి పన్ను. అదే జనవరి నుంచి జూన్ దాకా తీసుకుంటే రెండేళ్లలోనూ తొమ్మిదేసి నెలల జీతం, 10,80,000 చొప్పున. రెండేళ్లలోనూ పన్ను సున్నా. మూడు నెలలు అటు జరిపినందుకు 88 వేలు మిగిలాయి.

అయితే ఇది అందరికీ కలిసొచ్చే సూత్రం కాదు. నెలకు రెండు లక్షలు తెచ్చుకునేవాళ్లకు ఇదే లెక్క వేస్తే, రెండేళ్లకు విస్తరించిన విరామానికి పన్ను తొమ్మిది వేలు ఎక్కువే పడుతుంది. అలాంటివాళ్లు తేదీల కోసం బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. పన్నెండు నుంచి పదిహేడు లక్షల మధ్య ఉన్నవాళ్లకే ఇది బాగా పనికొస్తుంది. ఇంకో సంగతి: కంపెనీ ఏప్రిల్ నుంచే పూర్తి ఏడాది జీతం ఊహించుకుని నెలనెలా పన్ను పట్టేస్తుంది. మన ఇంజినీరుకు డిసెంబరుకల్లా అరవై ఆరు వేల దాకా పట్టి ఉంటుంది. అది రిటర్ను వేశాక వాపసు వస్తుంది కానీ, జులైకో ఆ తర్వాతో వచ్చే డబ్బును జనవరి ఖర్చుకు నమ్ముకోలేం.

అమ్మ మోకాలు, కంపెనీ బీమా

అతని ప్రణాళికలో అసలైన గండి డబ్బులో లేదు, ఆపరేషన్ తేదీలో ఉంది. డిసెంబరు 31న ఉద్యోగం మానేసి, అమ్మను హైదరాబాద్ తెచ్చుకుని, ఫిబ్రవరిలో తీరిగ్గా ఆపరేషన్ చేయిద్దామనుకున్నాడు. ఆఫీసు ఒత్తిడి లేకుండా పక్కనే ఉండొచ్చని అతని ఆలోచన. కానీ కంపెనీ ఇచ్చే గ్రూప్ ఆరోగ్య బీమా ఆఖరి పనిదినంతో ముగిసిపోతుంది. ఫిబ్రవరిలో ఆమెకు ఏ రక్షణా లేదు.

సొంతంగా పాలసీ తీసుకున్నాం కదా అనుకోవచ్చు. గ్రూప్ పాలసీకీ సొంత పాలసీకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. గ్రూప్ పాలసీలో సాధారణంగా ముందునుంచీ ఉన్న జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తింపు ఉంటుంది. సొంత పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతా వేటికీ మొదటి ముప్పై రోజులు డబ్బు రాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. మోకీళ్ల మార్పిడి, శుక్లాలు, హెర్నియా లాంటి ఆపరేషన్లకు విడిగా ఒక వెయిటింగ్ పీరియడ్ పెడతారు, చాలా పాలసీల్లో అది రెండేళ్లు. పైగా మోకీళ్లు అరిగాయని డాక్టరు చీటీ ఏడాది కిందటే ఉంది. దాన్ని దాచి పాలసీ తీసుకుంటే క్లెయిము దగ్గర మొత్తం కూలిపోతుంది.

కాబట్టి తేదీలు తిరగేయాలి. ఆపరేషన్ డిసెంబరు మొదటి వారాల్లో, గ్రూప్ బీమా నడుస్తుండగానే అయిపోవాలి. ఆసుపత్రిలో ఉండేది కొద్దిరోజులే. మనిషి పక్కన ఉండాల్సిన రోజులు, నడక, ఫిజియోథెరపీ అన్నీ జనవరి నుంచి మొదలవుతాయి, అప్పటికి అతను ఇంట్లోనే ఉంటాడు. నోటీసు కాలంలో సెలవు పెడితే ఆఖరి తేదీని అన్ని రోజులు జరిపే కంపెనీలు ఉన్నాయి కాబట్టి రాజీనామా ఇచ్చే ముందే మేనేజరుతో ఆ మాట అనేయాలి. డిశ్చార్జి తర్వాతి మందుల బిల్లులు ఉద్యోగం మానేశాక కూడా చెల్లుతాయా అని బీమా డెస్కును మెయిల్లో అడిగి జవాబు దాచుకోవాలి. ఇలాంటివి మాటల్లో అడిగితే "చెల్లుతాయి సార్" అనేస్తారు.

కుటుంబానికి సొంత పాలసీ కూడా మానేశాక కాదు, కనీసం మూడు నాలుగు నెలల ముందే తీసుకోవాలి. ముప్పై రోజుల గడువు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతుంది. షుగరో బీపీనో ఉందని ఒక కంపెనీ తిరస్కరిస్తే ఇంకో కంపెనీకి వెళ్లే వ్యవధి ఉంటుంది. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారితే, ఇప్పటిదాకా గడిపిన వెయిటింగ్ కాలాన్ని కలుపుకునే వీలు కూడా ఉంది. కానీ ఆ దరఖాస్తు ఉద్యోగం వదిలే ముందే పెట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలపై జీఎస్టీ ఎత్తేశారు కాబట్టి ప్రీమియం భారం మునుపటి మీద తగ్గింది.

రాజీనామాకు ముందు అడగవలసింది

మానేసే ముందు ఒకసారి అడిగి చూడాలి, కంపెనీలో సబాటికల్ ఉందా అని. పెద్ద కంపెనీల హెచ్ఆర్ పోర్టల్‌లో ఎక్కడో ఒక మూల ఆ విధానం పడి ఉంటుంది. చదువుకో, సంరక్షణకో జీతం లేని సెలవు ఇస్తారు. ఇలా దొరికితే మన ఇంజినీరుకు చాలా చిక్కులు విడిపోతాయి, ఉద్యోగాల వేట ఉండదు, కొన్నిచోట్ల గ్రూప్ బీమా కూడా కొనసాగుతుంది.

అయితే "ఉద్యోగం ఉంటుందిలే" అన్న మేనేజరు మాట మీద వెళ్లిపోకూడదు. ఆరు నెలల్లో మేనేజరే మారిపోవచ్చు. మెయిల్లో రాయించుకోవలసినవి కొన్ని ఉన్నాయి: తిరిగి చేరే తేదీ, హోదా, ఊరు, సెలవు కాలంలో బీమా, గ్రాట్యుటీకి ఈ ఆరు నెలలు సర్వీసులో కలుస్తాయా లేదా, ఆ ఏడాది అప్రైజల్ ఉంటుందా అన్నవి. సర్వీస్ కంపెనీల్లో తిరిగొచ్చాక నేరుగా పాత ప్రాజెక్టులో కూర్చోబెట్టరు, బెంచ్ మీద ఉంచి దొరికిన ప్రాజెక్టుకు, ఒక్కోసారి దొరికిన ఊరికి పంపుతారు. అది ముందే తెలిసి ఉంటే ఇంట్లో చెప్పుకోవచ్చు. సెలవులో ఉన్నంతకాలం మీరు ఆ కంపెనీ ఉద్యోగే కాబట్టి బయట డబ్బుకు పనిచేయడం చాలాచోట్ల నిబంధనకు విరుద్ధం. ఫ్రీలాన్స్ చేసి సంపాదిద్దామనుకునేవాళ్లకు రాజీనామాయే శుభ్రమైన దారి.

అడిగితే కాదన్నారే అనుకుందాం. అప్పుడు రాజీనామా. ఐటీలో నోటీసు కాలం సాధారణంగా 90 రోజులు, అంటే జనవరి విరామానికి అక్టోబరు మొదట్లోనే మెయిలు వెళ్లాలి. ల్యాప్‌టాప్ తిరిగిచ్చేలోపు జీతం చీటీలు, ఫారం 16లు, అప్రైజల్ లెటర్లు, బీమా కాగితాలు సొంత మెయిలుకు చేర్చుకోవాలి. ఆఖరి రోజు సాయంత్రం లాగిన్ ఆగిపోయాక ఒక్క జీతం చీటీ కోసం హెచ్ఆర్ టికెట్ పెట్టి వారాల తరబడి ఎదురుచూసేవాళ్లు ఎందరో. మీ పని తెలిసిన ఇద్దరు సీనియర్ల సొంత ఫోన్ నంబర్లు కూడా తీసుకోవాలి.

గ్యాప్ ఎందుకొచ్చింది?

మళ్లీ ఉద్యోగం వెతికేటప్పుడు ఈ ప్రశ్న తప్పదు. మొదట అడిగేది రిక్రూటరు, ఫోన్లో. ఆమె ముందున్న పట్టికలో గ్యాప్ అనే గడి ఉంటుంది, అందులో రాసుకోవడానికి ఒక వాక్యం కావాలి. అంతే. అక్కడ మనవాళ్లు అమ్మ ఆపరేషన్ దగ్గర మొదలుపెట్టి, పాత మేనేజరు పెట్టిన బాధల మీదుగా, జీవితం మీద వైరాగ్యం దాకా వెళ్లిపోతారు. ఆమె గడిలో ఏం రాస్తుందో ఊహించుకోవచ్చు.

మన ఇంజినీరు చెప్పవలసింది ఇలా ఉంటుంది.

"గ్యాప్ ఉంది కదండీ, ఎందుకు?"

"అమ్మకు మోకాలి ఆపరేషన్ అయిందండి. ఆవిణ్ని చూసుకోవడానికి డిసెంబరులో నేనే రాజీనామా చేశాను. ఆవిడ ఇప్పుడు బాగానే నడుస్తున్నారు. ఈ ఆరు నెలల్లో ప్లేరైట్ నేర్చుకుని, ఒక షాపింగ్ సైటుకు టెస్టులు రాసి గిట్‌హబ్‌లో పెట్టాను. లింకు పంపమంటారా?"

ఈ జవాబులో రిక్రూటరుకు కావలసినవన్నీ ఉన్నాయి. తీసేశారా, తనే మానేశాడా అన్నది తేలిపోయింది. కారణం ముగిసిపోయింది కాబట్టి మళ్లీ సెలవు అడుగుతాడన్న భయం లేదు. చేతి పని పోలేదనడానికి ఆధారం ఉంది. కారణం కుటుంబం కాకపోయినా, అలసిపోయో, ఊళ్లు తిరగడానికో మానేసినా వరస ఇదే. "తొమ్మిదేళ్లు ఆగకుండా పనిచేశాక కొన్నాళ్లు ఆగాలనిపించి, ముందే డబ్బు చూసుకుని మానేశానండి" అంటే వినేవాళ్లకు బాగానే ఉంటుంది. అక్కడ ఆగాలి.

టెక్నికల్ రౌండు తీసుకునే ఆయనకు గ్యాప్ మీద ఆసక్తి ఉండదు. ఆయన నేరుగా ఆ గిట్‌హబ్ లింకు తెరిచి, ఫలానా చోట అలా ఎందుకు రాశారు, పేజీ ఆలస్యంగా తెరుచుకుంటే మీ టెస్టు ఏం చేస్తుంది అని అడుగుతాడు. అందుకే పది కోర్సుల సర్టిఫికెట్లకంటే సొంతంగా చేసిన ఒక్క పనే ఎక్కువ నిలబడుతుంది. కోర్సులో చూపించిన ప్రాజెక్టునే కాపీ కొట్టి పెడితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

రెజ్యూమేలో తేదీలు అటూ ఇటూ లాగి గ్యాప్ కప్పేయడం మన దగ్గర బాగా అలవాటు. డిసెంబరులో మానేసి "మార్చి వరకు" అని రాసేస్తారు, లేదా తెలిసినవాళ్ల కంపెనీ పేరుతో ఉత్తుత్తి అనుభవం లెటరు సంపాదిస్తారు. అమీర్‌పేటలో దానికి దారి చూపేవాళ్లకు కొదవలేదు. కానీ చేరేముందు జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటరు తేదీని, పీఎఫ్ సర్వీసు చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తారు. పీఎఫ్‌లో ఏ నెల డబ్బు పడింది, ఏ నెల పడలేదు అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. ఆరు నెలల ఖాళీకి ఆఫర్ పోదు, ఆ ఖాళీని దాచినందుకు పోతుంది. చేరిన తర్వాత బయటపడితే ఉద్యోగమే పోతుంది. "కెరీర్ బ్రేక్, కుటుంబ సంరక్షణ, జనవరి-జూన్" అని ఒక వరుస రాసేయడం మేలు. లింక్డ్ఇన్‌లో 2022 నుంచి దీనికి విడిగా ఒక విభాగమే ఉంది.

గ్యాప్ ఉన్నవాళ్లకు మన దేశంలో ఒక అనుకూలత ఉంది, దాన్ని వాళ్లు సరిగా వాడుకోరు. ఉద్యోగంలో ఉన్న అభ్యర్థి ఆఫర్ తీసుకుని, 90 రోజుల నోటీసు గడిచేలోపు ఇంకో రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని, ఆఖరి రోజు ఫోన్ ఆఫ్ చేస్తాడు. రిక్రూటర్లు దీనితో విసిగిపోయి ఉంటారు. వచ్చే సోమవారం చేరగలిగే మనిషి, వాళ్ల భాషలో ఇమ్మీడియట్ జాయినర్, అంటే ప్రాజెక్టు తలమీద కూర్చున్నవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. నౌక్రీ ప్రొఫైలులో ఆ మాట మొదటి వరుసలోనే ఉండాలి. జీతం దగ్గర "గ్యాప్ ఉంది కాబట్టి పాత జీతం ఇస్తాం" అని బేరం మొదలుపెడితే, వెంటనే చేరగలనన్న మాటనే అటు వైపు తూకంలో వేయాలి. తగ్గి చేరడం ఎప్పుడు న్యాయమంటే, అతనిలా మాన్యువల్ నుంచి ఆటోమేషన్‌కు పని మారుతున్నప్పుడు. అప్పుడు పాత జీతమే దొరికినా నష్టం లేదు.

వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆరో నెల అయ్యాక అనుకుంటే పది నెలల లెక్క పన్నెండుకు పాకుతుంది. నాలుగో నెల చివర ప్రొఫైలు తాజా చేసి, పాత సహోద్యోగులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి, గ్రూపులో మెసేజ్ పడేస్తే ఎవరూ పట్టించుకోరు. అయిదో నెలలో ఒకటి రెండు ఇంటర్వ్యూలు, గెలవాలని కాదు, ఇప్పుడు ఏం అడుగుతున్నారో తెలుసుకోవడానికి. సంక్రాంతికి ఊరెళ్తే "ఏం నాయనా, ఉద్యోగం పోయిందంటగా" అని పెద్దమ్మలు అడుగుతారు. అదీ ఇంటర్వ్యూ లాంటిదే, చిన్న జవాబుతో దాటేయొచ్చు. ఇంట్లో మాత్రం ఒక గీత ముందే గీసుకోవాలి. మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బే మిగిలిందంటే, ఆ తర్వాత నచ్చిన ఉద్యోగం కోసం ఎదురుచూపు ఆగాలి. థర్డ్ పార్టీ పేరోల్ మీద కాంట్రాక్టు ఉద్యోగమైనా తీసుకోవాలి, పీఎఫ్ కడుతున్నారో లేదో, బీమాలో తల్లిదండ్రులు వస్తారో లేదో అడిగి మరీ. ఈ గీత డిసెంబరులో, జీతం వస్తున్న రోజుల్లో గీసుకుంటేనే నిలుస్తుంది. ఆగస్టులో గీద్దామంటే భార్యాభర్తల మధ్య గొడవ అవుతుంది.

కొత్త ఉద్యోగంలో చేరాక మొదటి నెలలో పని ఒత్తిడి ఎంత ఉన్నా వదలకూడని కాగితం పనులు రెండున్నాయి. ఒకటి, పాత పీఎఫ్‌ను కొత్త కంపెనీ ఖాతాకు మార్పించుకోవడం. రెండోది, గ్రూప్ బీమాలో అమ్మానాన్నల పేర్లు చేర్చడం. చాలా కంపెనీలు చేరిన ముప్పై రోజుల్లోపే ఆ అవకాశం ఇస్తాయి. ఆ గడువు దాటితే మళ్లీ ఏడాది పాలసీ రెన్యువల్ దాకా ఆగాలి. విరామానికి ముందు తీసుకున్న సొంత పాలసీని మాత్రం, కంపెనీ బీమా వచ్చేసింది కదా అని ఆపేయకూడదు. రెండో మోకాలి ఆపరేషన్ ఏడాదికో రెండేళ్లకో తప్పదు. అప్పటికి అతను ఏ కంపెనీలో ఉంటాడో, అక్కడి బీమాలో అమ్మానాన్నలకు చోటు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఆ పాలసీలో అమ్మ పేరు ఉండి, మోకీళ్ల సంగతి దాచకుండా రాసి ఉంటే, వెయిటింగ్ పీరియడ్ గడియారం తీసుకున్న రోజు నుంచే తిరుగుతూ ఉంటుంది.